పొడవు చూసి ‘లాంగ్ వాల్’ అనుకోవద్దు!

మూడు గదుల ప్లాన్‌లో పునాది తవ్వకం, కట్టుబడి పరిమాణాలు.. లెక్క ఎక్కడ తప్పుతుంది? ఎలా పట్టుకోవాలి?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక ఇంటి ప్లాన్‌లో ముందు గోడ, మధ్య గోడ, వెనుక గోడ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి. మూడింటి పొడవూ సమానమే. రెండు చివర్లా ఉన్న పక్క గోడల కంటే ఈ మూడూ పొడవైనవే. అయితే ఇందులో లాంగ్ వాల్స్ ఎన్ని?

డిప్లొమా, బీటెక్ సివిల్ విద్యార్థుల్లో చాలామంది ఆలోచించకుండా ‘మూడు’ అని రాసేస్తారు. ఎస్టిమేషన్ లెక్క తప్పడం అక్కడే మొదలవుతుంది. లాంగ్ వాల్-షార్ట్ వాల్ పద్ధతిలో సూత్రాలు రెండే. వాటిని గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. ఏ గోడకు ఏ సూత్రం వాడాలో తేల్చుకోవడమే అసలు పని. ఏఈఈ, జేఈ పోటీ పరీక్షలకు చదువుతున్నా, సైట్ ఇంజినీర్ ఇంటర్వ్యూకి వెళ్తున్నా ఈ ఒక్క విషయం పట్టుబడితే ఎన్ని గదుల ప్లాన్ ఇచ్చినా తడబడాల్సిన పనిలేదు. ఒక ప్లాన్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని బొమ్మ గీసుకుంటూ చదవండి.

మన ప్లాన్ ఇదీ

ముందు భాగంలో ఒక హాలు. దాని లోపలి కొలత 7.30 మీ. × 3.50 మీ. వెనుక పక్కపక్కనే రెండు గదులు. ఒకటి 4.00 మీ. × 3.00 మీ., రెండోది 3.00 మీ. × 3.00 మీ. గోడలన్నీ 30 సెం.మీ. మందం. వెనుక గదుల వెడల్పులు 4.00, 3.00 కలిపి, మధ్యలోని అడ్డుగోడ మందం 0.30 చేరిస్తే 7.30 మీ. అవుతుంది. హాలు పొడవుతో సరిపోయింది.

మొత్తం ఆరు గోడలు. ముందు, మధ్య, వెనుక గోడలు మూడు. ఎడమ, కుడి పక్క గోడలు రెండు. వెనుక గదుల మధ్య అడ్డుగోడ ఒకటి.

పునాది సెక్షన్ అన్ని గోడలకూ ఒకటే అనుకుందాం. తవ్వకం వెడల్పు 0.90 మీ., లోతు 0.90 మీ. అడుగున 0.90 మీ. వెడల్పు, 0.30 మీ. మందంతో కాంక్రీట్ బెడ్. దాని మీద ఇటుక కట్టుబడి మొదటి మెట్టు 0.60 మీ. వెడల్పు, 0.30 మీ. ఎత్తు. రెండో మెట్టు 0.50 మీ. వెడల్పు, 0.30 మీ. ఎత్తు. అక్కడికి నేల మట్టం వస్తుంది. ఆ పైన ప్లింత్ వరకు 0.40 మీ. వెడల్పు, 0.60 మీ. ఎత్తు.

ముందు సెంటర్ లైన్ పొడవులు

ప్లాన్‌లో ఇచ్చేది గది లోపలి కొలత. పునాది మాత్రం గోడ మధ్యరేఖకు అటూ ఇటూ సమానంగా ఉంటుంది. అందుకే ఏ లెక్కైనా మధ్యరేఖ నుంచి మధ్యరేఖకు పొడవు తేల్చుకున్నాకే మొదలవుతుంది. లోపలి కొలతకు రెండు చివర్లా సగం సగం గోడ మందం కలిపితే అది వస్తుంది.

- ముందు, మధ్య, వెనుక గోడలు: 7.30 + 0.30 = 7.60 మీ.
- పక్క గోడలు: 3.50 + 0.30 + 3.00 + 0.30 = 7.10 మీ.
- అడ్డుగోడ: 3.00 + 0.30 = 3.30 మీ.

ఇక్కడ కలిపేది పైగోడ మందం 0.30 మాత్రమే. పునాది వెడల్పు 0.90ను ఈ దశలోనే కలిపేస్తే తర్వాత వచ్చే ప్రతి అంకె తప్పుతుంది. అలాగే ఈ మూడు పొడవులూ తవ్వకం నుంచి ప్లింత్ దాకా మారవు. పునాది వెడల్పు మారుతుంది కానీ మధ్యరేఖ కదలదు.

మూల ఎవరిది?

రెండు గోడలు కలిసే మూల దగ్గర ఒక చదరపు ముక్క ఉంటుంది. అది రెండు గోడలకూ ఉమ్మడి. లెక్కలో మాత్రం ఒక్కసారే రావాలి. కాబట్టి దాన్ని ఏదో ఒక గోడకు ఇచ్చేయాలి. మూల ముక్కను తీసుకున్నది లాంగ్ వాల్. దాని ముఖం దగ్గరే ఆగిపోయేది షార్ట్ వాల్. ఈ పద్ధతిలో ఆ పేర్లకు అర్థం ఇదే తప్ప టేపు పెట్టి కొలిచిన పొడవు కాదు.

అందుకే సూత్రాలు ఇలా వచ్చాయి:

- లాంగ్ వాల్ పొడవు = సెంటర్ లైన్ పొడవు + వెడల్పు
- షార్ట్ వాల్ పొడవు = సెంటర్ లైన్ పొడవు − వెడల్పు

లాంగ్ వాల్ తన మధ్యరేఖ చివర దాటి, ఎదురు గోడ వెడల్పులో సగం దాకా బయటకు వెళ్తుంది. రెండు చివర్లా సగం చొప్పున వెళ్తే ఒక పూర్తి వెడల్పు కలుస్తుంది. షార్ట్ వాల్ రెండు చివర్లా అంతే మేర వెనక్కి తగ్గుతుంది.

ఇప్పుడు మన ప్లాన్‌కు వద్దాం. ముందు, వెనుక గోడలకు మూలలు ఇచ్చాం. అవి లాంగ్. పక్క గోడలు వాటి మధ్య ఆగుతాయి. అవి షార్ట్. మరి మధ్య గోడ? అది ఎడమ, కుడి పక్క గోడలను మధ్యలో తాకుతుంది. అంటే అక్కడ ‘టీ’ జంక్షన్లు. పక్క గోడ ముందు నుంచి వెనక్కి తెగకుండా సాగుతోంది. టీ దగ్గరి ముక్క అప్పటికే పక్క గోడ లెక్కలో చేరిపోయింది. ఇక మధ్య గోడ దాని ముఖం దగ్గర ఆగాల్సిందే. కాబట్టి పొడవు 7.60 మీటర్లే అయినా మధ్య గోడ షార్ట్ వాల్. అడ్డుగోడ కూడా మధ్య గోడకూ వెనుక గోడకూ మధ్య ఆగుతుంది కనుక అదీ షార్టే.

తవ్వకం లెక్క

తవ్వకం వెడల్పు 0.90 మీ. లాంగ్ అయితే కలపండి, షార్ట్ అయితే తీసేయండి. ప్రతి గోడనూ సంఖ్య × పొడవు × వెడల్పు × లోతు వరసలో రాయండి. మెజర్‌మెంట్ బుక్‌లో నమోదు చేసే వరస కూడా ఇదే.

- ముందు, వెనుక గోడలు: పొడవు 7.60 + 0.90 = 8.50 మీ. పరిమాణం 2 × 8.50 × 0.90 × 0.90 = 13.770 ఘ.మీ.
- పక్క గోడలు: పొడవు 7.10 − 0.90 = 6.20 మీ. పరిమాణం 2 × 6.20 × 0.90 × 0.90 = 10.044 ఘ.మీ.
- మధ్య గోడ: పొడవు 7.60 − 0.90 = 6.70 మీ. పరిమాణం 1 × 6.70 × 0.90 × 0.90 = 5.427 ఘ.మీ.
- అడ్డుగోడ: పొడవు 3.30 − 0.90 = 2.40 మీ. పరిమాణం 1 × 2.40 × 0.90 × 0.90 = 1.944 ఘ.మీ.

మొత్తం తవ్వకం 31.185 ఘ.మీ. చివరి జవాబును రెండు దశాంశాలకు సవరిస్తే 31.19 ఘ.మీ. కాంక్రీట్ బెడ్ వెడల్పు కూడా 0.90 మీటరే కాబట్టి పొడవులు ఇవే. మందం మాత్రం 0.30 మీ. అంటే తవ్వకంలో మూడో వంతు, 10.395 ఘ.మీ.

ప్లాన్‌లో తలుపు ఖాళీలు కనిపిస్తాయి. వాటి కింద కూడా పునాది తెగకుండా సాగుతుంది. ప్లింత్ దాకా తలుపుల కోసం ఏమీ తగ్గించకూడదు.

మెట్టు మెట్టుకీ మారే పొడవు

ఇప్పుడు కట్టుబడి. పైకి వెళ్లేకొద్దీ వెడల్పు తగ్గుతుంది. దాంతో లాంగ్ వాల్‌కు కలిపేది తగ్గుతుంది కాబట్టి అది పొట్టిదవుతుంది. షార్ట్ వాల్ నుంచి తీసేది తగ్గుతుంది కాబట్టి అది పొడవవుతుంది. మీ కాగితంలో ఒక మూల దగ్గర పునాది మెట్లు గీసి చూడండి. ఎదురు గోడ సన్నబడిన కొద్దీ షార్ట్ వాల్ ఇంకొంచెం ముందుకు జరిగి దాన్ని తాకుతుంది.

మొదటి మెట్టు, వెడల్పు 0.60 మీ.: ముందు, వెనుక గోడలు 8.20 మీ. చొప్పున రెండు. పక్క గోడలు 6.50 చొప్పున రెండు. మధ్య గోడ 7.00, అడ్డుగోడ 2.70. మొత్తం పొడవు 39.10 మీ. పరిమాణం 39.10 × 0.60 × 0.30 = 7.038 ఘ.మీ.

రెండో మెట్టు, వెడల్పు 0.50 మీ.: ఇదే వరసలో 8.10, 6.60, 7.10, 2.80. మొత్తం 39.30 మీ. పరిమాణం 39.30 × 0.50 × 0.30 = 5.895 ఘ.మీ.

ప్లింత్ వరకు, వెడల్పు 0.40 మీ.: 8.00, 6.70, 7.20, 2.90. మొత్తం 39.50 మీ. పరిమాణం 39.50 × 0.40 × 0.60 = 9.480 ఘ.మీ.

మూడూ కలిపితే పునాది, ప్లింత్ కట్టుబడి 22.413 ఘ.మీ. అంటే 22.41 ఘ.మీ. పరీక్షలో జవాబు రాసేటప్పుడు ఇలా మొత్తం పొడవుతో కాకుండా, తవ్వకానికి చేసినట్టు ఒక్కో గోడకు ఒక్కో లైను రాయండి. ఎక్కడైనా కూడిక తప్పినా మిగతా లైన్లు సరిగ్గా ఉన్నట్టు దిద్దేవారికి కనిపిస్తుంది.

తవ్వకానికి కట్టిన పొడవులనే పై మెట్లకూ వాడేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. మన ప్లాన్‌లో 38.50 మీటర్లనే మూడు మెట్లకూ వాడితే కట్టుబడి 21.945 ఘ.మీ. వస్తుంది. 0.468 ఘ.మీ. తక్కువ పడినట్టు.

‘మూడు లాంగ్ వాల్స్’ ఖరీదెంత?

మధ్య గోడను లాంగ్ అనుకుని, పక్క గోడలను అలాగే ఉంచేస్తే ఏమవుతుంది? తవ్వకంలో దాని పొడవు 6.70కి బదులు 8.50 మీ. అవుతుంది. మొత్తం పొడవు 38.50 నుంచి 40.30 మీటర్లకు పెరుగుతుంది. తవ్వకం 1.458 ఘ.మీ., కాంక్రీట్ 0.486 ఘ.మీ., కట్టుబడి 0.558 ఘ.మీ. ఎక్కువ వస్తాయి. మసాలాతో కలిపి 20 × 10 × 10 సెం.మీ. ఉండే మాడ్యులర్ ఇటుకలు ఘనపు మీటరుకు 500 పడతాయి. ఆ లెక్కన కట్టుబడిలోనే దాదాపు 280 ఇటుకలు కాగితం మీద అదనం. ఇది ఒక్క గోడ, రెండు టీ జంక్షన్లతో వచ్చిన తేడా. గదులు పెరిగేకొద్దీ టీలు పెరుగుతాయి, తేడా కూడా పెరుగుతుంది.

అలాగని మధ్య గోడను లాంగ్‌గా తీసుకోవడం నిషేధమేమీ కాదు. తీసుకుంటే దాన్ని పక్క గోడల బయటి అంచు దాకా సాగనివ్వాలి. అప్పుడు పక్క గోడలు రెండు ముక్కలుగా తెగుతాయి. హాలు వైపు ముక్క సెంటర్ లైన్ 3.80 మీ., వెనుక గది వైపు ముక్క 3.30 మీ. వాటిని షార్ట్‌గా లెక్కిస్తే తవ్వకంలో 2.90, 2.40 అవుతాయి. మొత్తం కూడి చూడండి: 3 × 8.50 + 2 × 2.90 + 2 × 2.40 + 2.40 = 38.50 మీ. జవాబు మళ్లీ అదే. జంక్షన్ ముక్క ఎవరికిచ్చినా ఫర్వాలేదు. ఇద్దరికీ ఇవ్వకూడదు, ఎవరికీ ఇవ్వకుండా వదిలేయకూడదు.

లెక్క సరైందో కాదో తేల్చే రెండు పరీక్షలు

మొదటిది నోటితో చేసేది. మూలల్లో కలిసే ఒక లాంగ్ వాల్, ఒక షార్ట్ వాల్ పొడవులు కూడండి. తవ్వకంలో 8.50 + 6.20 = 14.70. మొదటి మెట్టులో 8.20 + 6.50 = 14.70. ప్లింత్‌లో 8.00 + 6.70 = 14.70. ప్రతి మెట్టులోనూ ఒకే మొత్తం రావాలి. ఎందుకంటే ఒకదానికి కలిపిందే రెండోదాని నుంచి తీశాం. మారిందంటే ఆ మెట్టులో గుర్తు తారుమారైనట్టే.

రెండోది సెంటర్ లైన్ పద్ధతితో సరిచూడటం. అన్ని గోడల సెంటర్ లైన్ పొడవులు కూడితే 3 × 7.60 + 2 × 7.10 + 3.30 = 40.30 మీ. ప్రతి టీ జంక్షన్‌కు సగం వెడల్పు తీసేయాలి. మధ్య గోడకు రెండు, అడ్డుగోడకు రెండు, మొత్తం నాలుగు టీలు. తవ్వకానికి 40.30 − 4 × 0.45 = 38.50 మీ. మొదటి మెట్టుకు 40.30 − 4 × 0.30 = 39.10 మీ. మన అంకెలు నిలిచాయి. మూలలకు మాత్రం ఏమీ తీయక్కర్లేదు. మూల దగ్గర ఒక గోడ ముందుకెళ్లిన సగం, రెండోది వెనక్కి తగ్గిన సగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

గమనించారా? మధ్య గోడను పొరపాటున లాంగ్‌గా తీసుకున్నప్పుడు వచ్చిన పొడవు కూడా 40.30 మీటర్లే. టీలు తీసేయని సెంటర్ లైన్ మొత్తం అంతే ఉండటంతో, రెండు తప్పులూ ఒకేసారి చేసినవారికి జవాబులు కలిసినట్టే కనిపిస్తాయి. అందుకే ముందు బొమ్మ మీద టీలను వేలితో లెక్కపెట్టి, చుట్టూ సున్నా చుట్టుకోవాలి.

సెంటర్ లైన్ ఇంత త్వరగా అయిపోతుంటే గోడ గోడకూ లెక్కెందుకు అంటారా? సెంటర్ లైన్ ఇచ్చేది ఒక్క మొత్తం. సైట్‌లో ముగ్గు పోసి తవ్వించాక మీరు టేపు పట్టేది ఒక్కో గోడ దగ్గరే. ‘మధ్య గోడ 6.70’ అని రాసి ఉంటే అక్కడికక్కడే సరిచూడొచ్చు. 38.50ను అలా చూడలేం.

అడ్డుగోడ పునాది చిన్నదైతే..

పరీక్షల్లోనూ, పనిలోనూ మెలిక పెట్టేది ఇక్కడ. అడ్డుగోడ మీద బరువు తక్కువ కాబట్టి దానికి చిన్న పునాది ఇచ్చారనుకుందాం. తవ్వకం 0.60 మీ. వెడల్పు, 0.60 మీ. లోతు. దాని కాంక్రీట్ 0.60 మీ. వెడల్పు, 0.30 మీ. మందం. మిగతా గోడలు పాత సెక్షనే.

ఇప్పుడు అడ్డుగోడ తవ్వకం పొడవెంత? 3.30 − 0.60 = 2.70 అనేస్తే తప్పు. తీసేయాల్సింది తన వెడల్పు కాదు, తాను తాకే గోడల వెడల్పులో సగం సగం. మధ్య, వెనుక గోడల తవ్వకం 0.90 మీ. వెడల్పు. కాబట్టి 3.30 − 0.45 − 0.45 = 2.40 మీ. పరిమాణం 2.40 × 0.60 × 0.60 = 0.864 ఘ.మీ.

అదే అడ్డుగోడ కాంక్రీట్‌కు మాత్రం పొడవు 2.70 మీ. ఎందుకు? దాని తవ్వకం 0.60 మీటర్లకే ఆగింది. కాబట్టి దాని కాంక్రీట్ నేలకు 0.60 నుంచి 0.30 మీ. లోతు మధ్య ఉంటుంది. ఆ మట్టంలో పెద్ద గోడలకు ఉన్నది కాంక్రీట్ బెడ్ కాదు, 0.60 మీ. వెడల్పున్న మొదటి మెట్టు. అడ్డుగోడ కాంక్రీట్ ఆ మెట్టు ముఖం దాకా వెళ్తుంది. 3.30 − 0.30 − 0.30 = 2.70 మీ. తవ్వకం కంటే కాంక్రీట్ 0.30 మీ. పొడవు! చూడ్డానికి వింతగా ఉన్నా నిజమే. రెండు చివర్లా ఉన్న 0.15 మీ. ముక్కలు పెద్ద గోడల తవ్వకంలోకి చొచ్చుకెళ్లి, అక్కడ బయటకు వచ్చి ఉన్న కాంక్రీట్ బెడ్ అంచు మీద కూర్చుంటాయి. అక్కడి మట్టి పెద్ద గోడల ఖాతాలో ఎప్పుడో తవ్వేశాం.

కాబట్టి పునాదులు వేర్వేరుగా ఉన్నప్పుడు మెట్టు పేరును కాదు, మట్టాన్ని చూడండి. రెండు సెక్షన్లనూ నేల మట్టం ఒకే గీత మీద ఉండేలా పక్కపక్కన గీయండి. ఆ లోతులో ఎదురు గోడ వెడల్పు ఎంతో చూసి, అందులో సగం తీసేయండి.

ఎక్కడ ఆగిపోతుంది?

ఈ పద్ధతి లంబకోణంలో కలిసే గోడలకే నేరుగా సరిపోతుంది. ఆరు పలకల గదికో, వంపు గోడకో సగం వెడల్పు కలపడం, తీయడం కుదరదు. అక్కడ సెంటర్ లైనే సులువు. పిల్లర్ల మీద లేచే భవనాల్లో ఫుటింగ్‌లకు విడివిడి గుంతలు తవ్వుతారు కాబట్టి వాటినీ ఇలా లెక్కించరు. గోడలే బరువు మోసే ఇళ్లు, వరస పునాదుల మీద లేచే షెడ్లు, ప్రహరీల్లో ఇది బాగా పనికొస్తుంది.

మీరే చేసి చూడండి

మన మొదటి ప్లాన్‌లోనే హాలును కూడా రెండుగా చీలుస్తూ, అదే పునాది సెక్షన్‌తో ఇంకో అడ్డుగోడ కట్టారు. దాని సెంటర్ లైన్ పొడవు 3.80 మీ. అది వెనుక అడ్డుగోడకు సరిగ్గా ఎదురుగా వచ్చి, మధ్య గోడ దగ్గర ‘ప్లస్’ ఆకారం ఏర్పడింది. మధ్య గోడ తెగకుండా సాగుతుందనుకుంటే ప్లస్ అంటే ఎదురెదురుగా ఉన్న రెండు టీలే. తవ్వకం, కట్టుబడి ఎంతెంత?

జవాబు: తవ్వకం 33.53 ఘ.మీ., కట్టుబడి 24.30 ఘ.మీ. మీకు వేరే అంకె వస్తే ముందు టీలు లెక్కపెట్టండి. ఈసారి మొత్తం ఆరు ఉండాలి.